ఆఫర్ లెటర్‌కు జవాబు: పైడిభీమవరం ఉద్యోగానికి అంగీకారం రాసిన నా అనుభవం

పైడిభీమవరంలోని ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్వాలిటీ కంట్రోల్ విభాగంలో నాకు ఉద్యోగం ఖాయమైనప్పుడు, ఆఫర్ లెటర్ ఈమెయిల్‌లో వచ్చింది. అప్పటికి నేను పరవాడలోని మరో ఫార్మా కంపెనీలో అనలిస్టుగా పనిచేస్తూ కూర్మన్నపాలెంలో హాస్టల్‌లో ఉంటున్నాను. మా ఇల్లు విజయనగరం కోట దగ్గర. కొత్త కంపెనీ బస్సు విజయనగరం నుంచే బయలుదేరుతుంది కనుక, ఈ ఉద్యోగం వస్తే ఇంటి నుంచే వెళ్లిరావచ్చు. ఆ ఆఫర్‌కు రాతపూర్వకంగా అంగీకారం ఎలా తెలిపానో, అంగీకారానికి ముందు ఏయే విషయాలు తేల్చుకున్నానో, ఏది దొరికిందో ఏది దొరకలేదో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి ఏటా ఎంతోమంది ఎంఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ చదివిన పిల్లలు ఇవే కంపెనీల్లో చేరుతున్నారు. వారిలో చాలామంది ఆఫర్ లెటర్‌కు ‘థాంక్యూ సర్, ఐ యాక్సెప్ట్’ అని ఒక్క ముక్క పంపి ఊరుకోవడం చూశాను కాబట్టి ఇది రాయాలనిపించింది.

ఉత్తరం వచ్చిన సాయంత్రమే దాన్ని రెండు ప్రతులు ప్రింటు తీయించి, ఇంటర్వ్యూలోనూ, ఆ తర్వాత హెచ్‌ఆర్ అధికారి ఫోనులోనూ చెప్పిన మాటలను నేను రాసి పెట్టుకున్న నోటు పుస్తకాన్ని పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం పోల్చి చూశాను. జీతం మొత్తం, హోదా, విభాగం సరిపోయాయి. నాలుగు చోట్ల మాత్రం నోటిమాటకూ అచ్చులో ఉన్నదానికీ పొంతన కుదరలేదు. చేరవలసిన తేదీ మే 2 అని ఉంది, కానీ నా పాత కంపెనీలో నోటీసు పీరియడ్ 60 రోజులని నేను ఇంటర్వ్యూలోనే చెప్పాను. పని చేసే చోటు పైడిభీమవరం యూనిట్ అని నోటితో చెప్పారు, ఉత్తరంలో ‘కంపెనీకి చెందిన ఏ యూనిట్‌లోనైనా’ అని ఉంది. కొత్త కంపెనీని వదిలి వెళ్లేటప్పుడు ఇవ్వవలసిన నోటీసు రెండు నెలలన్నారు, ఉత్తరంలో మూడు నెలలుంది. నాలుగోది జీతంలోని ఒక భాగం గురించి, అది కాస్త వివరంగా చెప్పవలసినది.

ఉత్తరంలో వార్షిక సీటీసీ 4,20,000 రూపాయలు, అంటే నెలకు 35,000 అని ఉంది. ఇంట్లో అందరూ నెలకు 35,000 చేతికి వస్తుందనే అనుకున్నారు. కానీ సీటీసీ అంటే కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు. ఉత్తరం చివర అనుబంధంగా ఇచ్చిన పట్టికను విడదీసి చూస్తే, అందులో కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 1,800 రూపాయలు ఉంది. ఇది 15,000 బేసిక్ మీద 12 శాతం. ఆ తర్వాత గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం చొప్పున 722 రూపాయలు ఉంది. సంవత్సరానికి 36,000 పర్ఫార్మెన్స్ పే అని చూపించిన మొత్తాన్ని నెలకు పంచితే 3,000 అవుతుంది. ఈ మూడూ తీసేస్తే నెలవారీ గ్రాస్ జీతం 29,478. అందులో నా వంతు పీఎఫ్ మరో 1,800, వృత్తి పన్ను 200 కోత పడితే చేతికొచ్చేది 27,478 రూపాయలు. పీఎఫ్ నా ఖాతాలోకే చేరుతుంది కనుక ఆ కోత గురించి నాకు చింత లేదు. గ్రాట్యుటీ మామూలుగా అయిదేళ్లు పనిచేసినవారికి అందేది కనుక దాన్ని ఈనాటి జీతంగా లెక్కపెట్టలేదు. నా సందేహమంతా ఆ 36,000 మీదే. అది ఎప్పుడు ఇస్తారు, దేన్ని బట్టి ఇస్తారు, సంవత్సరం మధ్యలో చేరినవారికి ఎంత ఇస్తారు అన్న మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. పాత కంపెనీలో నాకు 23,000 పైచిలుకు చేతికొస్తున్నది కనుక 27,478 అయినా నాకు మేలే. అయినా ఒప్పుకునేది ఎంతకో తెలిసి ఒప్పుకోవాలని నా పట్టుదల.

మా మావయ్య విజయనగరం కోర్టులో చాలాకాలం ప్లీడరు గుమస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. కాగితం చదవడంలో ఆయనకున్న ఓపిక నేను మరెవరిలోనూ చూడలేదు. ఉత్తరం చూపించగానే ఆయన ముందుగా చివరి పేజీ తిప్పి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం మీద వేలు పెట్టారు. ఈ ఉత్తరానికి ముందు జరిగిన సంభాషణలు, హామీలు అన్నిటి స్థానంలో ఈ ఉత్తరమే చెల్లుతుందని దాని భావం. ‘సూడమ్మా, ఫోనులో ఆయన నీకేటి చెప్పినా ఈ ముక్కతో అదంతా కొట్టుకుపోయినట్టే. నువ్వు సంతకం పెట్టకముందే ఆ మాటలు కాగితం మీదకి రావాల’ అన్నారు. ఆ వాక్యం చాలా ఆఫర్ లెటర్లలో ఉంటుందని తర్వాత మా ల్యాబ్‌లోని సీనియర్ మేడం కూడా చెప్పారు. అంటే ఎవరో మనల్ని మోసగించాలని పెట్టినది కాదు, కంపెనీ తన అధికారుల నోటిమాటలకు కట్టుబడి ఉండనవసరం లేకుండా పెట్టుకునే మామూలు కట్టుబాటు. దాని ఫలితం మాత్రం చేరేవాళ్ల మీదే పడుతుంది.

నేను మొదట అనుకున్నది, అంగీకార పత్రంలోనే ఈ నాలుగు విషయాలూ రాసి, ‘వీటిని సవరిస్తారన్న నమ్మకంతో అంగీకరిస్తున్నాను’ అని ముగిద్దామని. మావయ్య వద్దన్నారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఏడో సెక్షన్ ప్రకారం అంగీకారం సంపూర్ణంగా, ఏ షరతూ లేకుండా ఉండాలి. ‘ఇది మారిస్తే ఒప్పుకుంటాను’ అన్నది అంగీకారం కాదు, మన వైపు నుంచి వేసిన కొత్త ప్రతిపాదన. అప్పుడు కంపెనీ తన మొదటి ఆఫర్‌కు కట్టుబడి ఉండనక్కరలేదు. పైగా అదే చట్టం ఆరో సెక్షన్ ప్రకారం గడువు చెప్పి చేసిన ప్రతిపాదన ఆ గడువు దాటితే రద్దవుతుంది. నా ఆఫర్‌కు గడువు ఏప్రిల్ 15. షరతులతో కూడిన జవాబు పంపి నేను ఒప్పుకున్నానని అనుకుంటూ కూర్చుంటే, వాళ్ల దృష్టిలో నేను ఒప్పుకోనే లేదన్నమాట. అందుకని పనిని రెండు ఉత్తరాలుగా విడదీశాను. మొదటిది సందేహాలు తీర్చమని అడిగేది, రెండోది తేలిన అంశాలన్నిటితో ఏ షరతూ లేకుండా అంగీకరించేది. ఈ క్రమమే నాకు ఈ వ్యవహారమంతటిలో ముఖ్యమైనదిగా కనిపించింది.

మొదటి ఉత్తరంలో ‘అంగీకరిస్తున్నాను’ అన్న మాట ఎక్కడా రాయలేదు. అలాగని ప్రశ్నలతో మొదలుపెట్టినా బాగుండదు, ఎందుకంటే వరుసగా ప్రశ్నలే చదివిన అధికారికి ఈ అమ్మాయికి చేరే ఉద్దేశం లేదేమో, ఈ ఆఫర్‌ను చూపించి మరెక్కడో బేరమాడుతోందేమో అన్న అనుమానం రావచ్చు. కనుక తొలి వాక్యంలోనే ఈ ఉద్యోగంలో చేరాలని నేను గట్టిగా కోరుకుంటున్నానని, గడువు లోపల అంగీకారం పంపడానికి వీలుగా నాలుగు అంశాల్లో స్పష్టత కావాలని రాశాను. ఆ తర్వాత ఒక్కో అంశానికి ఉత్తరంలోని క్లాజు సంఖ్య, అక్కడ ఉన్నది, నాకు చెప్పినది, నేను కోరుతున్నది అని వరుసగా పెట్టాను. చేరే తేదీ విషయంలో కారణం కూడా లెక్కతో చూపించాను: ఏప్రిల్ 16న రాజీనామా ఇస్తే, ఆ రోజుతో కలిపి 60వ రోజు జూన్ 14 అవుతుంది, రిలీవింగ్ లెటర్ చేతికి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, కాబట్టి జూన్ 18 ఇవ్వమని. తేదీ మార్చమని ఊరికే అడిగితే ఎంతకాలం సాగదీస్తుందోనని అవతలివారు ఆలోచనలో పడతారు, లెక్క చూపిస్తే సంతకం పెట్టడం వారికీ సులువు.

హెచ్‌ఆర్ అధికారి మర్నాడు ఉదయం ఫోన్ చేశారు. చాలా మర్యాదగా మాట్లాడారు. తేదీ మారుస్తామన్నారు. పోస్టింగ్ పైడిభీమవరమే కానీ బదిలీ క్లాజు అందరికీ ఉండేదేనని, దాన్ని తీసేయడం కుదరదన్నారు. నోటీసు మూడు నెలలే, క్యూసీలో అనుభవం ఉన్నవారందరికీ ఈ ఏడాది నుంచి అలా మార్చారని, తనకు ఇంటర్వ్యూ నాటికి ఆ సంగతి తెలియదని చెప్పారు. పర్ఫార్మెన్స్ పే ఏటా అప్రైజల్ తర్వాత ఒకేసారి ఇస్తారని, మొదటి ఏడాది పనిచేసిన నెలలను బట్టి లెక్కకడతారని, మొత్తం రేటింగును బట్టి తగ్గవచ్చనీ వివరించారు. చివరికి ‘ఇంకేం కంగారు పడకండి, యాక్సెప్టెన్స్ పంపేయండి’ అన్నారు.

అక్కడే ఆగవలసి ఉంది. ఆయన చెప్పినదంతా నిజాయితీగానే చెప్పారు, నాకు ఆ విషయంలో ఏ అనుమానమూ లేదు. కానీ ఈ మాటలు కూడా మళ్లీ ఫోను మాటలే. ఆయన రేపు మరో కంపెనీకి వెళ్లిపోతే వీటిని గుర్తుంచుకునేవారు ఉండరు. ఫోన్ పెట్టిన గంటలోపే, అదే ఈమెయిల్ వరుసలో, ‘ఈ ఉదయం ఫోనులో మీరు ఓపికగా వివరించినందుకు ధన్యవాదాలు. నేను అర్థం చేసుకున్నది ఇది, ఎక్కడైనా పొరపాటుంటే సరిదిద్దండి’ అని మొదలుపెట్టి నాలుగు అంశాలనూ నాలుగు వాక్యాల్లో రాసి పంపాను. కొత్త ఈమెయిల్ మొదలుపెట్టకుండా పాత వరుసలోనే జవాబివ్వడం వల్ల ఆఫర్ లెటర్, ప్రశ్నలు, జవాబులు అన్నీ ఒకదాని కింద ఒకటి తేదీలతో సహా నిలిచి ఉంటాయి. ఏప్రిల్ 13న సవరించిన ఆఫర్ లెటర్ వచ్చింది. చేరే తేదీ జూన్ 18గా మారింది. పోస్టింగ్ దగ్గర ‘తొలి నియామకం పైడిభీమవరం యూనిట్’ అన్న మాట చేరింది, దాని కింద బదిలీ క్లాజు అలాగే ఉంది. పర్ఫార్మెన్స్ పే చెల్లించే పద్ధతి ఉత్తరంలోకి ఎక్కలేదు కానీ, ‘మీరు రాసినది సరైనదే’ అని ఈమెయిల్‌లో జవాబిచ్చారు.

ఇక నిర్ణయం నాది. మూడు నెలల నోటీసు నాకు ఇష్టం లేదు. మూడు నెలలు ఆగే కంపెనీలు తక్కువ, కాబట్టి రేపు మరో అవకాశం వచ్చినప్పుడు ఇది అడ్డం కావచ్చు. కానీ ఇంటికి దగ్గర కావడం, నేను కోరుకున్న విభాగం దొరకడం దాని కంటే బరువైనవి. ఒప్పుకోవాలని నిశ్చయించుకున్న తర్వాత ఆ అంశం మీద సణుగుడు అంగీకార పత్రంలోకి రానివ్వలేదు. అడగవలసిన చోట అడిగాను, కుదరదన్నారు, తెలిసే ఒప్పుకుంటున్నాను.

అంగీకార పత్రాన్ని ఇంగ్లీషులో రాశాను, ఇక్కడ దాన్ని తెలుగులో ఇస్తున్నాను. విషయం గడిలో నా పేరు, హోదా, ఆఫర్ లెటర్ సంఖ్య, ‘అంగీకారం’ అన్న మాట పెట్టాను, హెచ్‌ఆర్ విభాగంలో వందల ఉత్తరాల మధ్య వెతికేవారికి దొరకాలి కదా.

‘గౌరవనీయులైన సర్, ఏప్రిల్ 13 తేదీతో మీరు పంపిన సవరించిన ఆఫర్ లెటర్ ప్రకారం, క్వాలిటీ కంట్రోల్ విభాగంలో సీనియర్ అనలిస్టు ఉద్యోగాన్ని సంతోషంగా, ఏ షరతూ లేకుండా అంగీకరిస్తున్నాను. ఇంటర్వ్యూ రోజున విభాగాధిపతి గారు స్టెబిలిటీ చాంబర్లను చూపిస్తూ, ఒక మందు పదార్థాన్ని 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి దాని మార్పులను ఎలా గమనిస్తారో వివరించారు. ఇంతవరకు ముడిపదార్థాలను, తయారైన బ్యాచ్‌లను విడుదలకు ముందు పరీక్షించడమే నా పని. అవే పదార్థాలు కాలంతోపాటు ఎలా మారతాయో హెచ్‌పీఎల్‌సీ మీద నెలల తరబడి చూసే అవకాశం నాకు మొదటిసారి లభిస్తోంది. ఆ పని నేర్చుకోవాలని ఎంతో ఆసక్తితో ఉన్నాను.

నేను అంగీకరిస్తున్న ముఖ్యాంశాలు ఇవి: చేరే తేదీ జూన్ 18. తొలి నియామకం పైడిభీమవరం యూనిట్. వార్షిక సీటీసీ 4,20,000 రూపాయలు, అందులో 36,000 పర్ఫార్మెన్స్ పే, ఇది మీ ఏప్రిల్ 13 ఈమెయిల్‌లో ధ్రువీకరించిన పద్ధతిలో చెల్లించబడుతుంది. ప్రొబేషన్ ఆరు నెలలు. నోటీసు పీరియడ్ మూడు నెలలు. ప్రతి పేజీ మీద సంతకం చేసిన ఆఫర్ లెటర్ ప్రతిని జతపరుస్తున్నాను. ఈ అంగీకారం అందినట్లు తెలియజేస్తే, ప్రస్తుత సంస్థలో రాజీనామా సమర్పిస్తాను. చేరే రోజుకు తేవలసిన సర్టిఫికెట్లు, వైద్య పరీక్ష వివరాలు తెలుపగలరు.’

ఇందులో రెండు విషయాల గురించి చెప్పాలి. అంశాలను తిరిగి రాయడం ఆఫర్ లెటర్‌ను నకలు చేయడం కాదు. ఉత్తరంలో ఉన్నదాంట్లో, ముందు తేడా వచ్చిన చోట్లను, జీతాన్ని, తేదీని, ప్రొబేషన్‌ను మాత్రమే రాశాను. నాకు కొత్తగా తోచిన కోరిక ఒక్కటి చేర్చినా అది మళ్లీ షరతు అవుతుంది. నోటీసు పీరియడ్ కంపెనీకి అనుకూలమైన అంశమే అయినా అదీ రాశాను, మనకు కావలసినవి మాత్రమే ఏరి రాస్తే చదివేవారికి నమ్మకం కలగదు.

రెండోది ఆసక్తి తెలిపే భాగం. మొదటి చిత్తుప్రతిలో ‘మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో భాగం కావడం నా అదృష్టం, నా శాయశక్తులా కృషి చేస్తాను’ అని రాశాను. సీనియర్ మేడం చదివి, ‘ఇది ఏ కంపెనీకైనా పంపొచ్చమ్మా. ఆ కంపెనీలో నీకు ఏది నచ్చిందో అది రాయి’ అన్నారు. నిజంగా నచ్చినది స్టెబిలిటీ విభాగమే. ఇంటర్వ్యూ ముగిసి బస్సు కోసం హైవే మీద నిలబడినప్పుడు కూడా నేను ఆ చాంబర్ల గురించే ఆలోచిస్తున్నాను. ఆ ఒక్క సంగతిని ఉన్నదున్నట్టు రాసేసరికి విశేషణాల అవసరమే లేకపోయింది. చేరిన తర్వాత తెలిసినదేమిటంటే, హెచ్‌ఆర్ వారు ఆ ఉత్తరాన్ని విభాగాధిపతికి కూడా పంపారు. ఆయన నన్ను తిన్నగా స్టెబిలిటీ బృందంలోనే వేశారు.

అంగీకారం ఏప్రిల్ 14న, అంటే గడువుకు ఒక రోజు ముందు పంపాను. అందినట్లు జవాబు మర్నాడు వచ్చింది. అది వచ్చాకే పాత కంపెనీలో రాజీనామా ఇచ్చాను. ఆ జవాబు రాకముందే రాజీనామా ఇవ్వమని ఎవరెంత తొందరపెట్టినా ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. ఆఫర్ లెటర్‌లో వైద్య పరీక్ష, పాత ఉద్యోగ ధ్రువీకరణ సక్రమంగా ఉంటేనే నియామకం అని కూడా రాసి ఉంటుంది కనుక, అంగీకారం తర్వాత కూడా కొంత అనిశ్చితి మిగిలే ఉంటుంది. నేను వైద్య పరీక్షను వీలైనంత ముందుకు జరిపించమని కోరి, నోటీసు కాలంలోనే శ్రీకాకుళంలో వారు చెప్పిన ల్యాబ్‌లో పూర్తిచేయించుకున్నాను.

జూన్ 18న చేరినప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చారు. ఆఫర్ లెటర్ వేరు, ఇది వేరు. ఉద్యోగ నిబంధనలన్నీ పూర్తిగా ఉండేది దీనిలోనే. సంతకానికి ముందు నా అంగీకార పత్రాన్ని పక్కన పెట్టుకుని చదివితే, చేరిన తేదీ మే 2 అని పాత ఆఫర్‌లోనిదే అచ్చయింది. చిన్న పొరపాటులా కనిపించినా దాని ప్రభావం చిన్నది కాదు. పాత కంపెనీలో నా పీఎఫ్ జూన్ 14 వరకు కట్టి ఉంటుంది, కొత్త కంపెనీ మే 2 నుంచి చేరినట్లు నమోదు చేస్తే రెండు సర్వీసులు ఒకదాని మీద ఒకటి పడి, పీఎఫ్ బదిలీలో చిక్కు రావచ్చు. అధికారికి ఈమెయిల్ వరుస చూపించగానే వాదన లేకుండా ఒప్పుకుని, సరిచేసిన ప్రతిని మధ్యాహ్నానికల్లా ప్రింటు తీసి ఇచ్చారు. దాని మీద సంతకం చేసి ల్యాబ్‌కు వెళ్లాను.